√2 భిన్నం కాదని నిరూపించడం ఎలా?

క్యాలిక్యులేటర్‌లో 577ని 408తో భాగించి చూడండి. 1.4142156... వస్తుంది. తర్వాత √2 నొక్కండి. 1.4142135... వస్తుంది. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు అచ్చంగా ఒకటే. ఈ 577/408 చాలా పాతది. బౌధాయన, ఆపస్తంబ శుల్బసూత్రాల్లో వేదికల కొలతల కోసం చెప్పిన లెక్క ఇది. చతురస్రం భుజానికి అందులో మూడో వంతు కలపాలి. ఆ మూడో వంతులో నాలుగో వంతు కూడా కలపాలి. ఈ నాలుగో వంతులో ముప్పై నాలుగో వంతును మాత్రం తీసెయ్యాలి. అప్పుడు కర్ణం పొడవు వస్తుంది. అంటే 1 + 1/3 + 1/12 − 1/408. కూడి చూస్తే 577/408.

ఇంత దగ్గరగా వచ్చింది కాబట్టి √2 ఇదేనా? క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి చేత్తో గుణిద్దాం. √2 అంటే వర్గం 2 అయ్యే ధన సంఖ్య. 577/408 యే √2 అయితే 577 × 577 విలువ, 2 × 408 × 408 విలువ ఒకటే కావాలి. మొదటిది 332929. రెండోది 332928. ఒక్కటంటే ఒక్కటి తేడా.

ఇంకాస్త పెద్ద సంఖ్యలు తీసుకుంటే ఆ ఒక్కటీ సర్దుకుంటుందేమో అనిపిస్తుంది. 1393/985 తీసుకోండి. 1393 వర్గం 1940449. 985 వర్గానికి రెట్టింపు 1940450. ఈసారి కూడా ఒక్కటే తేడా, కాకపోతే అటువైపు. ఇలా ఎంతకాలం వెతికినా, దొరకలేదని చెప్పగలం గానీ దొరకదని చెప్పలేం. భిన్నాలకు అంతు లేదు, ఒక్కొక్కటిగా అన్నిటినీ పరీక్షించడం ఎవరి వల్లా కాదు.

దశాంశాలు చూసి తేల్చడమూ కుదరదు. "1.41421356... లో అంకెలు తిరిగి రావడం లేదు, కాబట్టి భిన్నం కాదు" అని చాలామంది విద్యార్థులు రాస్తారు. 1/97 ని దశాంశాల్లోకి మార్చితే 96 అంకెలు గడిచాక గానీ వరుస మళ్లీ మొదలు కాదు. పది అంకెలు చూపే క్యాలిక్యులేటర్‌లో దానికీ, √2 కీ తేడా తెలియదు. తెర మీద కనిపించని అంకెల గురించి మనం ఏమీ చెప్పలేం.

కాబట్టి అన్ని భిన్నాలకూ ఒకేసారి వర్తించే వాదన ఒకటి కావాలి. దాన్ని విరోధాభాస పద్ధతిలో కట్టవచ్చు.

పద్ధతి నడిచే తీరు

ముందు చిన్న విషయం మీద ఈ పద్ధతిని వాడి చూద్దాం. అన్నిటికన్నా పెద్ద సరి సంఖ్య అంటూ ఏదీ లేదని నిరూపించాలి. ఉందనే అనుకుందాం, దాన్ని N అందాం. N సరి సంఖ్య కాబట్టి N + 2 కూడా సరి సంఖ్యే. అది N కన్నా పెద్దది. కానీ N కన్నా పెద్ద సరి సంఖ్య లేదని కదా అనుకున్నాం! రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. కాబట్టి అలాంటి N లేదు.

ఇందులో మనం చేసిందేమిటి? నిరూపించాల్సినదానికి వ్యతిరేకమైన మాటను కాసేపు ఒప్పుకున్నాం. దాని నుంచి తప్పులేని అడుగులు వేసుకుంటూ వెళ్లాం. ఒకదానితో ఒకటి పొసగని రెండు మాటల దగ్గరికి చేరాం. అక్కడ ఆగి, మొదట ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకున్నాం.

అయితే తప్పును ఆ మొదటి మాట మీదే వెయ్యడానికి మనకున్న హక్కు ఏమిటి? దారిలో వాడిన మిగతా మాటలన్నీ ముందే రుజువై ఉండటమే ఆ హక్కు. సరి సంఖ్యకు 2 కలిపితే సరి సంఖ్య వస్తుందనీ, అది మొదటిదానికన్నా పెద్దదనీ మనకు ముందే తెలుసు. అనుమానించదగ్గది ఒకే ఒక్క మాట, అదే N ఉందన్న మాట. మధ్యలో ఎక్కడైనా రుజువు లేని ఇంకో మాట వాడి ఉంటే, చివర వచ్చిన చిక్కు ఏ మాట వల్ల వచ్చిందో చెప్పలేకపోయేవాళ్లం. √2 నిరూపణలో తడబడేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే ఒక్కో అడుగునూ ఈ కంటితో చూద్దాం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సింది

నిరూపణలో ఒక మాట రెండుసార్లు అవసరమవుతుంది: ఒక పూర్ణ సంఖ్య వర్గం సరి సంఖ్య అయితే, ఆ సంఖ్య కూడా సరి సంఖ్యే.

36 సరి సంఖ్య, దాని వర్గమూలం 6 కూడా సరే. 64 సరి, 8 సరి. ఇలా నాలుగు ఉదాహరణలు చూసి ఒప్పేసుకుంటే, 577/408 ని చూసి √2 అనుకోవడానికీ దీనికీ తేడా ఉండదు. రుజువు కావాలి.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. "సరి సంఖ్య 2m అనుకుందాం, దాని వర్గం 4m², అది సరి సంఖ్య, కాబట్టి రుజువైంది" అని రాసేస్తారు. లెక్కలో తప్పు లేదు, కానీ అది నిరూపించింది వేరే మాటను. సంఖ్య సరి అయితే వర్గం సరి అని అది చెబుతుంది. మనకు కావలసింది వర్గం నుంచి సంఖ్యకు రావడం.

దానికి బేసి సంఖ్యల వైపు నుంచి వెళ్లాలి. ఏ బేసి సంఖ్యనైనా 2m + 1 అని రాయవచ్చు. దాని వర్గం:

(2m + 1)² = 4m² + 4m + 1 = 2(2m² + 2m) + 1

కుడివైపున ఉన్నది ఒక సరి సంఖ్యకు 1 కలిపిన సంఖ్య, అంటే బేసి. కాబట్టి బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే. ఇప్పుడు వర్గం సరి అని తెలిస్తే, అసలు సంఖ్య బేసి అయ్యే వీలే లేదు. పూర్ణ సంఖ్య సరి గానీ బేసి గానీ అయి తీరాలి, మూడో రకం లేదు. కనుక అది సరి. మనకు కావలసిన మాట వచ్చేసింది.

పదో తరగతి గణితం చదివినవాళ్లు 'వాస్తవ సంఖ్యలు' పాఠంలో దీన్నే కొంచెం విస్తరించిన రూపంలో చూసి ఉంటారు: ఒక ప్రధాన సంఖ్య a² ను భాగిస్తే a ను కూడా భాగిస్తుంది. మనకు ఇక్కడ 2 ఒక్కదాని సంగతి చాలు.

రెండో అవసరం మనకు అలవాటైనదే. 6/8 ని 3/4 గా మార్చినట్టు, ఏ భిన్నంలోనైనా లవహారాల మధ్య ఉన్న సామాన్య కారణాంకాలను కొట్టేస్తూ పోతే, ఇక కొట్టేయడానికి 1 తప్ప ఏమీ మిగలని రూపం వస్తుంది. దాన్ని కనిష్ఠ రూపం అంటాం. విలువ మారదు.

ఇక నిరూపణ

మొదటి అడుగు. √2 అకరణీయ సంఖ్య అనుకుందాం, అంటే భిన్నంగా రాయగలమని ఒప్పుకుందాం. ఆ భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చి p/q అందాం. p, q ధన పూర్ణ సంఖ్యలు, వాటికి 1 తప్ప వేరే సామాన్య కారణాంకం లేదు. ఈ చివరి వాక్యాన్ని కాగితం మీద తప్పకుండా రాయండి. ఇది రాయకపోతే చివర్లో విరోధం తలెత్తడానికి చోటే ఉండదు.

రెండో అడుగు. √2 = p/q ని ఇరువైపులా వర్గం చేస్తే 2 = p²/q². ఇరువైపులా q² తో గుణిస్తే

p² = 2q²

ఇక్కడితో వర్గమూలం గుర్తు పోయింది, భిన్నం కూడా పోయింది. ఇక మాట్లాడేదంతా పూర్ణ సంఖ్యల గురించే, కాబట్టి సరి, బేసి అన్న మాటలు వాడే వీలు కలిగింది.

మూడో అడుగు. కుడివైపున 2q² ఉంది, అది సరి సంఖ్య. కాబట్టి p² సరి. ముందు నిరూపించుకున్న మాట ప్రకారం p కూడా సరి. అంటే p = 2k అని రాయవచ్చు. ఈ k కూడా పూర్ణ సంఖ్యే.

నాలుగో అడుగు. p ఉన్నచోట 2k పెట్టండి. (2k)² = 2q², అంటే 4k² = 2q². ఇరువైపులా 2 తో భాగిస్తే

q² = 2k²

ఇక్కడ ఒక జాగ్రత్త. (2k)² ని 2k² అని రాసే పొరపాటు తరచూ జరుగుతుంది. అలా రాస్తే q² = k² అని వస్తుంది, నిరూపణ అక్కడే ఆగిపోతుంది. మీ కాగితం మీద q² = k² కనిపిస్తే ఒక వరుస పైకి వెళ్లి చూడండి.

ఐదో అడుగు. q² = 2k² అన్నది రెండో అడుగులో వచ్చిన సమీకరణం లాంటిదే. అదే వాదన మళ్లీ వాడితే q² సరి, కాబట్టి q సరి.

ఆరో అడుగు. p సరి, q సరి. అంటే రెంటికీ 2 సామాన్య కారణాంకం. కానీ 1 తప్ప వేరే సామాన్య కారణాంకం లేని p, q లను తీసుకున్నామని మొదటి అడుగులో రాశాం. ఇది విరోధాభాసం. కాబట్టి √2 ని భిన్నంగా రాయగలమన్న ఊహ తప్పు. √2 కరణీయ సంఖ్య.

చివరి అడుగులో "ఇది విరోధం" అని మాత్రమే రాసి వదిలేయకండి. దేనికి విరోధమో, ఏ వరుసలో చెప్పినదానికి విరోధమో పేరుపెట్టి రాయాలి. ఆ వాక్యం లేని నిరూపణ పూర్తయినట్టు కాదు.

ఈ వాదన గ్రీకులకు బాగా తెలిసినదే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తర్కం మీద రాసిన 'ప్రయర్ అనలిటిక్స్' గ్రంథంలో ఈ పద్ధతికి ఉదాహరణగా చతురస్రం కర్ణాన్నే తీసుకున్నాడు. కర్ణాన్నీ భుజాన్నీ ఒకే కొలబద్దతో శేషం లేకుండా కొలవగలమని ఒప్పుకుంటే బేసి సంఖ్యలు సరి సంఖ్యలతో సమానం కావాల్సి వస్తుందని అతని మాట సారాంశం. వివరించకుండా అంతటితో వదిలేశాడంటే, తన పాఠకులకు ఆ రుజువు ముందే తెలుసునని అనుకోవచ్చు.

577/408 ఎక్కడ ఆగిపోయింది?

అక్షరాలతో చేసిన వాదనను ఇప్పుడు అంకెల మీద పెట్టి చూద్దాం. 577/408 కనిష్ఠ రూపంలోనే ఉంది. 577 బేసి. మూడో అడుగు ప్రకారం p సరి సంఖ్య అయి తీరాలి. కాబట్టి ఈ భిన్నం మూడో అడుగు దాటదు. 577 వర్గం ఎంతో గుణించి చూడనక్కర్లేదు, అది బేసి, 408 వర్గానికి రెట్టింపు సరి, రెండూ ఒకటి కాలేవు. కనీసం 1 తేడా ఉండి తీరాలి. మనకు వచ్చింది సరిగ్గా ఆ 1 యే.

1393/985 కూడా అంతే, లవం బేసి. మరి లవం సరి అయితే? 140/99 తీసుకోండి. 140 వర్గం 19600, 99 వర్గానికి రెట్టింపు 19602. ఇది మూడో అడుగు దాటింది, ఎందుకంటే 140 సరి, k = 70. నాలుగో అడుగు ప్రకారం 99 వర్గం, 70 వర్గానికి రెట్టింపు సమానం కావాలి. 99 వర్గం 9801, రెండోది 9800. మళ్లీ ఒకటి బేసి, ఒకటి సరి. ఇది ఐదో అడుగులో ఆగిపోయింది.

కనిష్ఠ రూపంలో ఉన్న ఏ భిన్నమైనా ఈ రెండు చోట్లలో ఒకచోట ఆగాల్సిందే. లవం బేసి అయితే మూడో అడుగులో ఆగుతుంది. లవం సరి అయితే, కనిష్ఠ రూపం కాబట్టి హారం బేసి అయి ఉంటుంది, ఐదో అడుగులో ఆగుతుంది. లెక్కలేనన్ని భిన్నాలను రెండే రెండు గుంపులుగా చేసి తేల్చేశాం. ఈ నిరూపణలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

తప్పు "కనిష్ఠ రూపం" దేమో?

శ్రద్ధగా చదివిన విద్యార్థి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మొదటి అడుగులో మనం రెండు మాటలు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది: √2 భిన్నం, ఆ భిన్నం కనిష్ఠ రూపంలో ఉంది. చివర్లో విరోధం వచ్చింది రెండో మాటతో. మరి తప్పు రెండోదేమో? √2 భిన్నమే అయి ఉండి, అది కనిష్ఠ రూపంలో లేదేమో?

చాలా న్యాయమైన ప్రశ్న. జవాబు ఏమిటంటే, రెండోది విడిగా చేసిన ఊహ కాదు. భిన్నం అంటూ ఒకటి ఉంటే దానికి కనిష్ఠ రూపం ఉండి తీరుతుంది. ఎవరైనా √2 కి సమానమైన భిన్నం ఇదిగో అని తెచ్చిస్తే, దాన్ని మనమే కొట్టేసి కనిష్ఠ రూపంలోకి తెచ్చుకుని మొదలుపెడతాం. కాబట్టి అనుమానించదగ్గది ఆ భిన్నం ఉందన్న మాట ఒక్కటే.

ఇంకా సందేహం పోకపోతే కనిష్ఠ రూపం మాటే ఎత్తకుండా చూద్దాం. √2 = p/q అని మాత్రమే అనుకోండి. పైన చేసినట్టే p సరి, q సరి అని వస్తుంది. రెంటినీ సగం చేస్తే వచ్చే కొత్త భిన్నం విలువ కూడా √2 యే. దానికీ అదే వాదన వర్తిస్తుంది, కాబట్టి దాని లవహారాలు కూడా సరి సంఖ్యలే. మళ్లీ సగం చేయాలి, మళ్లీ సరి సంఖ్యలే రావాలి. ఇది ఎప్పటికీ ఆగకూడదు. కానీ ధన పూర్ణ సంఖ్యను ఎప్పటికీ సగం చేస్తూ పోలేం. 408నే చూడండి, 204, 102, 51, అంతే, బేసి వచ్చేసింది. ఎంత పెద్ద సంఖ్యతో మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట బేసి తగలక తప్పదు. విరోధం ఇక్కడా వచ్చింది, ఈసారి "కనిష్ఠ రూపం" అన్న మాట లేకుండానే.

√4 తో పరీక్ష

నేర్చుకున్న నిరూపణ నిజంగా అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. అదే వాదనను √4 మీద పెట్టండి. √4 విలువ 2, అది అకరణీయ సంఖ్యే. కాబట్టి వాదన ఎక్కడో ఒకచోట తెగిపోవాలి. తెగకుండా చివరిదాకా వస్తే మీ వాదనలో లోపం ఉన్నట్టే.

√4 = p/q, కనిష్ఠ రూపం. p² = 4q². కుడివైపు సరి సంఖ్య, కాబట్టి p సరి, p = 2k. అప్పుడు 4k² = 4q², అంటే k² = q². ఇక్కడి నుంచి q సరి అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. వాదన ఆగిపోయింది, ఆగాలి కూడా. నిజానికి p = 2, q = 1, k = 1.

కొందరు ఇక్కడ వేరే దారి పడతారు. "p² ను 4 భాగిస్తోంది, కాబట్టి p ను 4 భాగిస్తుంది" అని రాస్తారు. అలా రాస్తే p = 4k, ఆపై 16k² = 4q², q² = 4k², q ను కూడా 4 భాగిస్తుంది అని వచ్చి √4 కరణీయ సంఖ్య అయి కూర్చుంటుంది. తప్పు మొదటి వాక్యంలోనే ఉంది. 36 ను 4 శేషం లేకుండా భాగిస్తుంది, 6 ను భాగించదు. పాఠ్యపుస్తకం సిద్ధాంతంలో "ప్రధాన సంఖ్య" అన్న మాట ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. 4 ప్రధాన సంఖ్య కాదు.

√3 దగ్గరికి వస్తే సరి, బేసి సరిపోవు. 3 తో భాగిస్తే వచ్చే శేషాలు చూడాలి. 3 శేషం లేకుండా భాగించని సంఖ్య 3m + 1 గానీ 3m + 2 గానీ అవుతుంది. మొదటిదాని వర్గం 9m² + 6m + 1, శేషం 1. రెండోదాని వర్గం 9m² + 12m + 4, ఆ 4 లో ఒక 3 పోతే శేషం మళ్లీ 1. అంటే 3 భాగించని సంఖ్య వర్గాన్ని కూడా 3 భాగించదు. కాబట్టి వర్గాన్ని 3 భాగిస్తే సంఖ్యను కూడా 3 భాగిస్తుంది. మనం మొదట సిద్ధం చేసుకున్న మాటకు ఇది √3 రూపం. ఇది చేతిలో ఉంటే మిగతా ఆరు అడుగులూ 2 ఉన్నచోట 3 పెట్టి, "సరి" అన్నచోట "3 భాగిస్తుంది" అని రాసుకుంటూ వెళ్లవచ్చు. p² = 3q², p = 3k, 9k² = 3q², q² = 3k², కాబట్టి p, q రెంటినీ 3 భాగిస్తుంది.

√5 ని మీరే చేయండి. 5 తో భాగిస్తే శేషాలు 1, 2, 3, 4 వచ్చే సంఖ్యల వర్గాలకు వరుసగా 1, 4, 4, 1 శేషాలు వస్తాయి. వాటిలో సున్నా లేదు. తర్వాత ఇదే పని 4 తో చేసి చూడండి. శేషం 2 వచ్చే సంఖ్య వర్గానికి శేషం సున్నా వస్తుంది. √4 దగ్గర వాదన తెగింది సరిగ్గా అక్కడే.